నోరు తిరగని చోట, గుక్క చాలని చోట

ప్రశ్న: రేడియోకి నా మొదటి నాటిక రాశాను. తాతల నాటి ఇల్లు అమ్మకం చుట్టూ తిరిగే కథ. ఆరు సీన్లు, 22 పేజీలు. 28 నిమిషాలకి మించకూడదన్నారు. మనసులో చదువుకుంటే 24 నిమిషాలే వచ్చింది. పోయిన ఆదివారం మా ఇంట్లో నలుగుర్ని కూర్చోబెట్టి పైకి చదివిస్తే 29 నిమిషాల 40 సెకన్లు పట్టింది. 26 చోట్ల తడబడ్డారు. తండ్రి పాత్ర చదివినాయన ఒక పెద్ద వాక్యంలో రెండుసార్లు ఆగి ఊపిరి పీల్చుకున్నారు. ఇందులో నా రాత తప్పెంత, వాళ్ళ చదువు తప్పెంత? ఆ పేజీ జత చేస్తున్నాను. మళ్ళీ చదివించేటప్పుడు ఏం రాసుకోవాలి, ఎలా రాసుకోవాలి? – ఒక రచయిత్రి, తెనాలి

జవాబు: మీరు పంపిన పేజీ నేనూ గడియారం ముందు పెట్టుకుని పైకి చదివాను. ఆ వాక్యం దగ్గర నాక్కూడా గుక్క చాల్లేదు. కాబట్టి ఆ ఒక్కచోట మాత్రం చదివినాయన తప్పేమీ లేదు. దాని సంగతి కాసేపట్లో విప్పి చూద్దాం. ముందు టైము లెక్క సరిచేసుకోవాలి, ఎందుకంటే మీరు ఎక్కువ రాసింది నిమిషం నలభై సెకన్లు కాదు.

మీ 29 నిమిషాల 40 సెకన్లలో ఉన్నవి మాటలు మాత్రమే. రేడియోలో సీనుకీ సీనుకీ మధ్య తెర పడదు, సంగీతం పడుతుంది. ఆరు సీన్లంటే అయిదు సంగీతపు ముక్కలు. ఒక్కోటి ఎనిమిది సెకన్లనుకుంటే 40 సెకన్లు. ఇక చప్పుళ్ళు. తలుపు తట్టడం, బండి వచ్చి ఆగడం, కాగితాలు విప్పడం, చేదబావి గిలక లాంటివి. మాటల కిందుగా నడిచే చప్పుళ్ళకి లెక్క వెయ్యక్కర్లేదు. మాట ఆగి, అది ఒక్కటే వినపడే చోట్లకి వెయ్యాలి. మీ పేజీ ఒక్కదాంట్లోనే అలాంటివి రెండున్నాయి గనక, నాటిక మొత్తానికి 50 సెకన్లు తక్కువేం కాదు. ఇవన్నీ కలిపితే 31 నిమిషాల 10 సెకన్లు. అంటే మీరు మూడు నిమిషాల పైచిలుకు ఎక్కువలో ఉన్నారు.

అయితే ఇందులోంచి తీసేయాల్సిందీ ఒకటుంది. తడబడినప్పుడల్లా మనిషి వెనక్కెళ్ళి మళ్ళీ మొదలెడతాడు. ఒక్కో తడబాటుకి మూడు నాలుగు సెకన్లు పోతాయి. ఇరవై ఆరు తడబాట్లంటే దాదాపు నిమిషంన్నర. అది మీ నాటిక పొడవు కాదు, ఆ రోజు చదువు పొడవు. అది తీసేస్తే మళ్ళీ 29 నిమిషాల 40 సెకన్ల దగ్గరికే వచ్చాం! అంకె అదే, అర్థం మాత్రం వేరు. ఇప్పుడిది సంగీతం, చప్పుళ్ళు కలిపిన అసలు పొడవు. నటులు మాటల మధ్య తీసుకునే మౌనాలకి ఒక అరనిమిషం వదిలిపెట్టి, 27 నిమిషాల 30 సెకన్లకి గురిపెట్టండి. కోయాల్సింది రెండు నిమిషాల పది సెకన్లు. మీ పేజీ సగటున నిమిషం ఇరవై సెకన్లు నడిచింది గనక పేజీన్నర పైన పోవాలన్నమాట. ఎక్కడ కోయాలో మీ కత్తెరకి తెలియాలంటే మొత్తం టైము ఒక్కటీ చాలదు, పేజీ పేజీకీ టైము కావాలి.

మనసులో చదివితే 24 నిమిషాలే ఎందుకొచ్చిందంటే, కళ్ళు మాటని పలకవు, గుర్తుపట్టి దాటేస్తాయి. పైగా మీరు రాసినవే కదా, సగం మాటలు చూడకుండానే తెలుస్తాయి. అందుకే రచయిత మనసులో వేసుకున్న టైముని నేనెప్పుడూ లెక్కలోకి తీసుకోను.

ఇక ఈసారి పెట్టే రీడింగు. సినిమావాళ్ళు టేబుల్ రీడింగ్ అంటారు, నాటకాలవాళ్ళం రీడింగ్ అనే అంటాం. పోయిన ఆదివారం మీరూ ఒక పాత్ర చదివారా అన్నది రాయలేదు. చదివుంటే ఈసారి చదవకండి. ఇది నా అనుభవంతో చెబుతున్నాను. చాలా ఏళ్ళ కిందట నా నాటిక ఒకదానికి నేనే పెద్దకొడుకు పాత్ర చదివాను. ఎక్కడా తొణకలేదు. రికార్డింగు రోజున ఆ పాత్ర వేసిన నటుడు ఒక మాట దగ్గర నాలుగుసార్లు ఆగిపోయాడు. 'నిష్కర్షగా నిశ్చయించేశాను' అని రాశాను నేను. మంచి నటుడు, పద్యాలు కూడా పాడతాడు. అయినా ష్క పలికిన నాలుక వెంటనే శ్చ దగ్గరికి రాలేక, ఒకసారి 'నిశ్కర్ష' అని, ఒకసారి 'నిష్చయం' అని చిక్కుకుపోయింది. స్టూడియో టైము పోయింది, ఆయన మొహం ఎర్రబడింది. అక్కడికక్కడే 'తేల్చేశాను' అని మార్చాను. ఆ ఇంట్లో పుట్టిన మనిషి నిజంగా అనే మాట అదే. నేను చదివినప్పుడు నోరు ఎందుకు తిరిగిందంటే, రాసేటప్పుడే ఆ మాట నా నోట్లో వందసార్లు తిరిగింది గనక. రచయిత చేతిలో ఉండాల్సింది పాత్ర కాదు, పెన్సిలు.

కాబట్టి నలుగురు చదువుతారు, మీరు గుర్తులు పెడతారు, ఇంకొకరెవరైనా గడియారం చూస్తారు. గడియారం మనిషి పని ఒక్కటే. ప్రతి పేజీ అయిపోయినప్పుడు, ఆపకుండా నడుస్తున్న గడియారంలో అంకె చూసి ఆ పేజీ అడుగున రాయడం. రంగ సూచనలు ఎవరూ పైకి చదవక్కర్లేదు. 'తలుపు తట్టిన చప్పుడు' అని ఉంటే గడియారం మనిషే బల్ల మీద నిజంగా తట్టాలి. సంగీతం ఉన్నచోట మనసులో ఎనిమిది లెక్కపెట్టి, 'ఊఁ' అనాలి. అప్పుడు వచ్చే అంకె దానంతటదే అసలు పొడవుకి దగ్గరగా ఉంటుంది, పోయినసారిలాగా తరవాత కలుపుకోవాల్సిన పని ఉండదు. ఫోను కూడా రికార్డింగులో పెట్టండి. ఎవరైనా ఫోన్ చేస్తే రికార్డింగు తెగిపోవచ్చు కాబట్టి ఫ్లయిట్ మోడ్‌లో పెట్టి, మడతపెట్టిన తువ్వాలు మీద ఉంచండి. ఉత్త బల్ల మీద పెడితే బల్ల మీది చప్పుళ్ళే మాటల కంటే గట్టిగా వినిపిస్తాయి.

కాగితాల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే మీ ఇరవై ఆరు తడబాట్లలో కొన్ని అచ్చువేసిన తీరు వల్ల వచ్చినవై ఉండొచ్చు. మీ పేజీలో వరసలు మరీ దగ్గరగా ఉన్నాయి. మన లిపికి కింద వత్తులు, పైన గుడులు ఉంటాయి. వరసలు ఇరుగ్గా ఉంటే పై వరస వత్తు కింది వరస గుడిలోకి దిగి కూర్చుంటుంది. 'పట్టు' అన్నది 'పటు'గా కనిపించి, మనిషి ఒక్క క్షణం ఆగుతాడు. అది మీ వాక్యం తప్పనుకుని మీరు దాన్ని మారుస్తారు. ఇలా మంచి వాక్యాలు పాడైపోయిన సందర్భాలు నాకు తెలుసు. అక్షరం 14 సైజు, వరసల మధ్య ఒకటిన్నర ఎడం, కాగితానికి ఒకవైపే అచ్చు, ఒకరి మాట పేజీ చివర విరిగి పక్క పేజీలోకి వెళ్ళకుండా చూడటం, ఇవి చాలు. కుడివైపు నాలుగు వేళ్ళ మార్జిను వదలండి, గుర్తులకి.

గుర్తులు మూడే పెట్టుకోండి. ఎక్కువైతే రాసేలోపు వాళ్ళు రెండు మాటలు ముందుకి వెళ్ళిపోతారు. నేను వాడేవి 'త', 'చె', 'గు'. త అంటే తడబాటు: తప్పు చదివారు, ఆగారు, వెనక్కొచ్చారు. చె అంటే చెవి: సరిగ్గానే చదివారు, కానీ వినడానికి ఎబ్బెట్టుగా ఉంది, లేదా వేరే అర్థం వినపడింది. గు అంటే గుక్క: ఊపిరి చాల్లేదు, లేదా ఆగకూడని చోట ఆగి పీల్చుకున్నారు. మాట కింద చిన్న గీత, మార్జినులో ఒక అక్షరం, అంతే. గుక్కకి మాత్రం ఇంకొకటి చెయ్యాలి. వాళ్ళు సరిగ్గా ఎక్కడ పీల్చుకున్నారో అక్కడ నిలువుగీత గీయండి. ఎందుకు ఆగారు, ఎలా దిద్దాలి అన్నవి ఆ వేళ ఆలోచించొద్దు. 'అలా కాదండీ, అది ఇలా' అని మధ్యలో అందివ్వడం అసలొద్దు. మీరు ఒక్కసారి అందిస్తే చాలు, అక్కణ్ణించి వాళ్ళు మీ మొహం చూస్తూ చదువుతారు.

రాత తప్పా, చదువు తప్పా అన్న మీ ప్రశ్నకి జవాబు ఒక్క రీడింగుతో దొరకదు. అదే రోజు అరగంట టీకి విరామం ఇచ్చి, పాత్రలు మార్చి ఇంకోసారి చదివించండి. తండ్రి పాత్ర చదివినాయన పెద్దకొడుకు చదవాలి, పెద్దకొడుకు తండ్రి కావాలి. రెండో రీడింగులో గుర్తులు వేరే రంగుతో పెట్టండి. ఒకేచోట రెండు రంగులూ పడితే అది మీ రాత. మొదటి రంగు ఒక్కటే ఉంటే చాలావరకు కన్ను జారింది, లేదా అచ్చు ఇబ్బంది. రెండో రంగు ఒక్కటే, అదీ చివరి పేజీల్లో గుంపుగా ఉంటే అలసట. ఇదొక కొలత మాత్రమే, శాసనం కాదు. కొత్తమనిషి ఒక్కడే తడబడ్డ చోటైనా, అది ఆ సీను మొత్తానికి ఆయువుపట్టయిన మాటైతే నేను దాన్ని వదిలిపెట్టను.

రెండు రంగులూ పడ్డ 'త'లని వరసగా చూస్తే కారణాలు నాలుగైదుకి మించవు. ఒకటి నేను చెప్పిన శ, ష, స ల గుంపు. ఇంకోటి ర, ల, ళ ల దొంతర. 'ఎర్రలారీ తెల్లలారీ' అని పిల్లల చేత గబగబా అనిపించి నవ్వుకుంటాం కదా, తెలియకుండా మనం సంభాషణల్లోనూ అవే రాస్తుంటాం. 'ఊళ్ళో పెళ్ళిళ్ళల్లో వాళ్ళ పిల్లలెళ్ళరు' అన్నది కాగితం మీద మామూలు వాక్యం, నోట్లో లారీల పందెం. 'ఊళ్ళో ఏ పెళ్ళికీ ఆ పిల్లలు రారు' అంటే సరిపోతుంది. మూడోది సంధి. మీరు 'వాడు ఎక్కడికి వెళ్ళాడు అని అడిగాను' అని విడదీసి రాశారు. మనిషి అనేది 'వాడెక్కడికెళ్ళాడని అడిగాను'. చదివేవాడి కన్ను విడిగా చూస్తుంది, నోరు కలిపేయాలని చూస్తుంది, ఆ రెండింటి మధ్యా తడబాటు పుడుతుంది. మాట్లాడే తీరులోనే కలిపి రాసేయండి. టైము కూడా కాస్త కలిసొస్తుంది. ఇక మీ అన్నదమ్ముల పేర్లు సుధాకర్, సుధీర్. ఒకే అక్షరంతో మొదలైన పేర్లు చదివేవాళ్ళని తడబెడతాయి. రేడియోలో అంతకంటే పెద్ద కష్టం వినేవాళ్ళది, వాళ్ళకి మొహాలు కనపడవు. ఒక పేరు మార్చండి.

'చె' గుర్తు కళ్ళు మూసుకుంటే బాగా పెట్టగలుగుతారు. రెండో రీడింగులో కొంతసేపు కాగితం చూడకుండా వినండి. మీ పేజీలో రెండున్నాయి. చిన్నకొడుకు 'నా పాలు నాకిచ్చెయ్యండి' అంటాడు. వాటా అన్న అర్థంలో అది చక్కటి తెలుగుమాట, కాగితం మీద నిండుగా ఉంది. చెవికి మాత్రం ముందు గ్లాసుడు పాలు వినపడతాయి. సీను బిగుసుకుంటున్న వేళ ఎక్కడో ఒక ఇంట్లో ఎవరో నవ్వుతారు. 'నా వాటా' అనండి. రెండోది, 'అన్న అన్నదేమిటో నువ్వన్నావా' అన్న మాట. అన్నదమ్ముల కథలో ఇది తప్పకుండా వచ్చే చిక్కు. మనకి అన్నా 'అన్న', అనడమూ 'అన్న'. 'అన్నయ్య చెప్పింది నాకెందుకు చెప్పలేదు' అంటే చెవి మెలికపడదు. మైకు ముందు ప, ఫ, భ లతో మొదలయ్యే మాటలు గాలి కొడతాయి. అరచేయి పెదాలకి నాలుగు వేళ్ళ దూరంలో పెట్టుకుని 'భలే', 'ఫలానా' అని చూడండి, తెలుస్తుంది. అది మైకు దగ్గర కూర్చునే తీరుతో సర్దుకునేదే గనక, అలాంటి మాటలు వరసగా మూడు నాలుగు పడ్డప్పుడే పట్టించుకోండి.

ఇప్పుడు గుక్క. మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచింది ఇదే. తండ్రి అనే మాట మీరు రాసింది ఇలా ఉంది:

'మీ అమ్మ పోయిన ఏడాది తిరక్కుండానే పెద్దాడు పట్నంలో కొనుక్కున్న ఫ్లాటు అప్పు తీర్చడానికి తాతల నాటి ఈ ఇంటిని అమ్మకానికి పెట్టమని రిజిస్ట్రేషన్ కాగితాలు పట్టుకుని నా దగ్గరికి వచ్చినప్పుడు కూడా నేను వాడి మీద ఒక్క మాట పడనివ్వలేదు.'

అక్షరాలు లెక్కపెడితే తొంభై దాటాయి. మామూలుగా మాట్లాడే మనిషి సెకనుకి ఆరక్షరాల దాకా పలుకుతాడు. ముప్పై, నలభై అక్షరాలు ఒక గుక్కలో ఇబ్బంది లేకుండా వస్తాయి. పాత్ర ముసలివాడైతే ముప్పై లోపే ఉంచడం మంచిదని నా లెక్క. ఇది ఏకంగా పదిహేను సెకన్ల వాక్యం. పోనీ మధ్యలో ఆగి పీల్చుకోవచ్చు కదా అంటే, ఎక్కడ ఆగాలి? మన భాషలో క్రియ చివర వస్తుంది. 'కొనుక్కున్న' దగ్గర ఆగితే ఏం కొన్నాడో తెలీదు. 'పెట్టమని' దగ్గర ఆగితే ఎవరు ఏం చేశారో తెలీదు. క్రియ వచ్చేదాకా వాక్యం గాల్లోనే ఉంటుంది, నటుడి గొంతు దిగడానికి మెట్టు దొరకదు. మీ చదువరి రెండుసార్లు ఆగింది అందుకే, రెండుసార్లూ ఆగకూడని చోటే ఆగి ఉంటాడు, ఆగదగ్గ చోటు అందులో లేదు గనక.

పద్యంలో ఈ బాధ్యత ఛందస్సు కొంత మోస్తుంది. సంస్కృతంలో యతి అంటేనే విరామం. శార్దూలంలో పన్నెండక్షరాలయ్యాక ఆగాలని చెప్పారు. మనవాళ్ళు తెలుగులో దాన్ని అక్షరమైత్రిగా మార్చుకున్నా, పదమూడో అక్షరం దగ్గర చెవికి ఒక ఊతం ఉంటుంది, పాదం చివర ఒక ఊతం ఉంటుంది, నటుడు రాగంలో ఊపిరి సర్దుకుంటాడు. వచనంలో అలాంటి ఏర్పాటు లేదు. గుక్క ఎక్కడ తిప్పుకోవాలో రచయితే వాక్యంలో పెట్టాలి.

ఈ వాక్యంలో ఊపిరి చాలకపోవడం వల్ల వచ్చిన అసలు నష్టం ఆగడం కాదు. మీ రికార్డింగు ఉంటే చివరి మాట మళ్ళీ వినండి. 'పడనివ్వలేదు' అన్నదాంట్లో 'లేదు' ఎంత వినపడింది? గుక్క అయిపోయేసరికి గొంతు చివరి రెండక్షరాలని మింగేస్తుంది. ఇంగ్లీషులో కాదనే మాట వాక్యం మధ్యలో వచ్చేస్తుంది. మనకి అవునో కాదో, వచ్చాడో వచ్చిందో, చెప్పాడో అడిగాడో అన్నీ వాక్యపు తోకలోనే ఉంటాయి. 'వస్తాడు', 'వస్తాడా' అన్నవాటి మధ్య ఉన్న తేడా ఒక్క దీర్ఘం. తండ్రి తన కొడుకుని కాపాడుకున్నానని చెప్పే మాట అది. గొంతు ఆ 'లేదు'ని మింగేస్తే వినేవాళ్ళకి తండ్రి అభిమానమే పోయింది. అందుకే గు పడిన ప్రతిచోటా ఊపిరి ఎక్కడ తీసుకున్నారని మాత్రమే చూడకండి, ఆ వాక్యం ఆఖరి మాట చెవికి చేరిందా లేదా చూడండి.

ఇంకో చిన్న చిక్కు మొదట్లోనే ఉంది. 'మీ అమ్మ పోయిన ఏడాది' అన్నది చదివేవాళ్ళకి రెండు రకాలుగా తగులుతుంది. అమ్మ చనిపోయిన ఏడాదా, లేక అమ్మ ఏదో చేసిన నిరుడా? మొదటిసారి చదివినప్పుడు నేనే 'మీ అమ్మ' అని ఆగి 'పోయిన ఏడాది' అని చదివాను. అక్కడ రాయాల్సింది గు కాదు, త.

దీన్ని నేనైతే ఇలా దిద్దుతాను:

'మీ అమ్మ పోయి ఏడాదైనా కాలేదు. పెద్దాడు కాగితాలు పట్టుకొచ్చాడు. ఇల్లు అమ్మేద్దాం నాన్నా అన్నాడు. తాతల నాటి ఇల్లు... వాడి ఫ్లాటు అప్పు తీరడానికి! అప్పుడు కూడా వాణ్ణి ఎవర్నీ ఒక్క మాట అననివ్వలేదు నేను.'

అక్షరాలు డెబ్భై అయిదు లోపే. ఏ ముక్కా పాతిక అక్షరాలు దాటలేదు. రిజిస్ట్రేషన్ పోయింది, ఎందుకంటే ఊపిరి అడుగంటుతున్న వేళ నాలుకకి 'స్ట్రే' అప్పజెప్పకూడదు. ఇల్లు అమ్మడానికి తెచ్చిన కాగితాలేవో వినేవాళ్ళకి తెలుసు. పట్నంలో కొనుక్కున్నాడన్నదీ పోయింది, ఫ్లాటు అన్నాక పట్నం ఎలాగూ వచ్చేస్తుంది. ఆఖర్న 'నేను'ని క్రియ తరవాతికి జరిపాను. మాట్లాడేటప్పుడు మనం అలాగే అంటాం. దానివల్ల జరిగేదేమిటంటే, గొంతు దిగిపోయే చోట 'నేను' ఉంటుంది, 'లేదు' నిలబడుతుంది. ఒకవేళ 'నేను' మింగేసినా అర్థం చెడదు. 'రా', 'నాన్నా', 'అమ్మాయ్' లాంటి పిలుపులు కూడా క్రియ వెనక ఇదే పని చేస్తాయి. అన్ని వాక్యాలకీ ఇలా చేస్తే అది వేరే రోగమవుతుంది గనక ఆయువుపట్టు మాటలకే ఉంచుకోండి.

ఒక సంగతి గమనించండి. అక్షరాలు తగ్గినంతగా టైము తగ్గదు. చుక్క పెట్టిన ప్రతిచోటా అరసెకను పైన మౌనం చేరుతుంది. నేను రెండూ చదివి చూశాను. పాతది ఎక్కడా ఆగకుండా పరిగెడితే పదిహేను సెకన్లు, కొత్తది నింపాదిగా చదివితే కూడా పదిహేనే. అందుకని గుక్కలు దిద్దడం వల్ల రెండు నిమిషాలు కలిసొస్తాయని ఆశపెట్టుకోకండి. ముందు 'త'లు, తరవాత 'గు'లు దిద్ది, అప్పుడు కోతకి కూర్చోండి. కోతకి గడియారం మనిషి రాసిన అంకెలు చూడండి. ఒక పేజీ నిమిషం ఇరవై సెకన్లు నడిస్తే, వరసలు అన్నే ఉన్న ఇంకో పేజీ నిమిషం యాభై నడిచిందనుకోండి, తడబాట్లు కూడా అక్కడ లేవనుకోండి. అక్కడ మనుషులు మాట్లాడుకోవడం మానేసి కథ చెబుతున్నారని అర్థం. పెద్ద వాక్యాలు, వివరాలు, గతం. కోత అక్కడ మొదలెట్టండి. పేజీకి రెండు వరసల చొప్పున అంతటా గిల్లొద్దు, అలా గిల్లితే ప్రశ్న ఉండి జవాబు పోతుంది.

గు పడినవన్నీ తప్పులు కావు. మీ చిన్నకోడలు గుక్క తిప్పుకోకుండా ఫిర్యాదు చేసే మాట ఒకటి ఆ పేజీ చివర ఉంది. అది అలాగే ఉండాలి. ఆమె అంతే, ఎదుటివాళ్ళకి సందివ్వదు. కానీ అదీ తండ్రి వాక్యంలా తోక కోసం ఎదురుచూసేది కాదు. 'పాలవాడు వచ్చాడు, డబ్బుల్లేవు, కరెంటు బిల్లొచ్చింది, డబ్బుల్లేవు' అంటూ చిన్నచిన్న పూర్తి ముక్కలుగా పోతుంది. నటి ఎక్కడ కావాలంటే అక్కడ చటుక్కున పీల్చుకోగలదు, వినేవాళ్ళకి ఆగినట్టే అనిపించదు. ఊపిరాడనట్టు వినిపించే మాటకి ఊపిరి పీల్చుకునే సందులు ఎక్కువ కావాలి. దాని పక్కన గు కొట్టేసి 'ఉంచు' అని రాసుకోండి.

బల్ల చుట్టూ కూర్చున్న రీడింగు పట్టివ్వలేనిది కూడా ఒకటుంది. కుర్చీలో నింపాదిగా కూర్చున్న మనిషికి గుక్క పొడవు. మీ అయిదో సీనులో చిన్నకొడుకు పరిగెత్తుకుంటూ వచ్చి చెప్పే మాట, ఆరో సీనులో తండ్రి ఏడుస్తూ అనే మాట ఉన్నాయని మీ కథ సారాంశంలో రాశారు. ఏడుపులో ఊపిరి ముక్కలవుతుంది, రొప్పుతున్నవాడికి పది పదిహేను అక్షరాలకి మించి రావు. ఆ రెండు చోట్లా గుర్తు పడలేదంటే అవి బాగున్నాయని కాదు. చిన్నకొడుకు చదివే అతన్ని లేపి, వరండా ఆ చివర్నించి ఈ చివరకి రెండుసార్లు వడిగా నడిపించి, వెంటనే ఆ మాట చదవమనండి. ఎక్కడ తెగితే అక్కడ చుక్క పెట్టుకోండి. ఏడుపు మాటకి ఏడవమని ఎవర్నీ అడగక్కర్లేదు. ఊపిరి సగం వదిలేశాక చదవడం మొదలుపెట్టమనండి, చాలు.

దిద్దాక మూడోసారి చదివించేది వారం తరవాత పెట్టుకోండి, వీలైతే ఇద్దరు కొత్తవాళ్ళతో. పాతవాళ్ళకి పాత వాక్యాలు నోట్లో ఉండిపోతాయి, మీరు మార్చిన చోట పాతదే అనేసి తడబడతారు, అది మీకు తప్పుడు లెక్క ఇస్తుంది. ఆ రోజుకి కొత్తగా అచ్చు తీయించండి. పాత కాగితాల మీద మీ గీతలు కనపడితే, చదివేవాళ్ళు ఆ చోటు రాకముందే జాగ్రత్తపడిపోతారు.